కీర్తన మీద చూపు, సరళి దగ్గర గొంతు

చెన్నైలో డిసెంబరు కచేరీలు ముగిసి, పొంగల్ సెలవులు కూడా అయిపోయాక, పాట నేర్చుకుంటామంటూ టీచర్ల ఇళ్లకు వెళ్లేవాళ్లలో పెద్దవాళ్లూ ఉంటారు. వాళ్లలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన ఊపు ఉంటుంది. నెల రోజులపాటు సభల్లో కూర్చుని విన్న కీర్తనల్లో సగానికి పైగా తమ భాషవే. పక్క సీటులోని తమిళ శ్రోత అర్థం అడిగితే చెప్పగలిగారు కూడా. మాట తెలిసినప్పుడు పాట ఎంతసేపు అనిపిస్తుంది. ఈ తొందర నుంచి పుట్టే లక్ష్యం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: ఫలానా రోజుకి ఫలానా కీర్తన పాడాలి.

వేళచ్చేరిలో కాపురముండే 34 ఏళ్ల నెల్లూరు ఆవిడను ఒక ఉదాహరణగా ఊహించుకుందాం. ఐటీ ఉద్యోగం, బడికెళ్లే పిల్లాడు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకోలేదు. శనివారం పొద్దున ఒక టీచర్ దగ్గర క్లాసులో చేరింది. మొదటి రోజే, "వచ్చే ఆరాధనకి పంచరత్నాల గోష్ఠిలో కూర్చుని పాడాలండీ, కనీసం 'ఎందరో మహానుభావులు' అయినా" అంది. త్యాగరాజస్వామి సిద్ధిపొందిన పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులోనే కాదు, చెన్నైలో కూడా చాలాచోట్ల ఈ ఐదు కృతులను గోష్ఠిగా పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలు, ఐదూ ఆదితాళంలోనే. కోరిక మంచిదే. తేదీ ఉంది, పాట ఉంది, పాడే చోటూ ఉంది. లక్ష్యం స్పష్టంగా ఉండాలని చెప్పేవాళ్లు ఇంతకంటే ఏం అడుగుతారు?

అయినా మార్చి నెలాఖరుకు ఆమె ఇంట్లో పాడడం మానేసింది. ఎందుకు మానేసిందో అడుగడుగునా చూస్తే ఫలిత లక్ష్యం ఒక్కటే చేతిలో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో అర్థమవుతుంది.

క్లాసులో టీచర్ నేర్పేది సరళీ వరుసలు. మాయామాళవగౌళ రాగంలో స రి గ మ ప ద ని స, మళ్లీ కిందికి. ఈ రాగంతో పాఠం మొదలుపెట్టే పద్ధతిని పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. ఇంటికి వచ్చాక ఆమె మనసులో మోగేది మాత్రం శ్రీరాగంలోని 'ఎందరో మహానుభావులు'. సరళికీ ఆ కృతికీ మధ్య ఏ దారీ కనిపించదు. దాంతో సరళిని రెండుసార్లు గబగబా అనేసి, ఫోన్లో పెద్ద విద్వాంసుల రికార్డింగ్ పెట్టుకుని దానితో కలిసి పాడడం మొదలుపెట్టింది. లక్ష్యం వైపు నేరుగా నడుస్తున్నట్టు అనిపించే పని ఇదొక్కటే మరి.

ఇక్కడ చెవి మోసపోతుంది. రికార్డింగ్‌తో కలిసి పాడేటప్పుడు వినిపించేది రెండు గొంతులు కలిసిన నాదం. సరైన స్వరం రికార్డింగ్‌లోనే ఉంటుంది కాబట్టి తన గొంతు కాస్త కిందికో పైకో ఉన్నా తేడా తెలియదు. పైగా ఆ విద్వాంసులు పాటకు ఆధారంగా పెట్టుకున్న శ్రుతి ఈమె శ్రుతి కాదు. ఆడవాళ్లు మామూలుగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడితే, మగవాళ్ల రికార్డింగ్‌లు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య ఉంటాయి. దానికి సర్దుకోవడానికి గొంతును కింద నొక్కిపట్టడమో పైన బిగించడమో జరుగుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు తెలుగువాళ్లకే ఉంది. సాహిత్యం నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది కాబట్టి పాట వచ్చేసినట్టే ఉంటుంది. పక్కనున్న తమిళ విద్యార్థిని ఒక్కో పదాన్ని పలకడానికి తడుముకుంటూ నెమ్మదిగా వెళ్లి, ఆ నెమ్మదిలో స్వరాన్నీ పట్టుకుంటుంది. మనం మాట మీద జారిపోతాం. రికార్డింగ్ ఆపి తంబుర ఒక్కటే పెట్టుకుని పాడితే అసలు సంగతి బయటపడుతుంది. రెండు వరుసలు పూర్తయ్యేలోపే గొంతు శ్రుతి వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లకు ఇది మరింత కష్టం. ఏళ్ల తరబడి విన్న చెవి గొంతు కంటే చాలా ముందుంటుంది. తప్పు పాడుతున్నానని తెలుస్తుంది, ఏ తప్పో మాత్రం తెలియదు. ఎదురుగా ఉన్న ప్రశ్న "ఎందరో మహానుభావులు వచ్చిందా?" ఒక్కటే అయితే పదో రోజున జవాబు "రాలేదు", నలభయ్యో రోజునా "రాలేదు". ఈ మధ్యలో రిషభం, అంటే రి స్వరం, కుదురుకుని ఉండవచ్చు, ఊపిరి నాలుగు క్షణాలు ఎక్కువ నిలిచి ఉండవచ్చు. ఆ లక్ష్యానికి అవేవీ కనిపించవు. రోజూ అదే "రాలేదు" వినేవాళ్లు చివరికి తమకు గొంతే లేదనుకుంటారు. మార్చిలో ఆవిడ చెప్పిన కారణమూ అదే: "నాకు గొంతు లేదండీ." సమస్య గొంతుది కాదు. ఏడాది తర్వాత చూడాల్సిన కొలతతో ఆమె రోజూ కొలుచుకుంటోంది.

లక్ష్యాల మీద పరిశోధన చేసినవాళ్లు ఈ సంగతిని వేరే రంగంలో నేరుగా చూశారు. బారీ జిమ్మర్‌మన్, అనస్తేషియా కిట్సాంటాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన అధ్యయనంలో 90 మంది హైస్కూలు అమ్మాయిలకు, బొత్తిగా కొత్తవాళ్లకు, డార్ట్ విసరడం నేర్పారు. కొందరికి ఎక్కువ పాయింట్లు తెచ్చుకోవడమే లక్ష్యం. కొందరికి విసిరే పద్ధతిలోని దశలను సరిగ్గా చేయడమే లక్ష్యం, పాయింట్ల గొడవ లేదు. ఇంకొందరు మొదట పద్ధతి మీదే మనసుపెట్టి, అది చేతికి అలవాటయ్యాక పాయింట్ల వైపు మళ్లారు. చివర్లో అందరినీ పరీక్షిస్తే పాయింట్ల వెంటే పడ్డవాళ్లు వెనకబడ్డారు. పద్ధతినే పట్టుకున్నవాళ్లు వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. ముందు పద్ధతి, తర్వాత ఫలితం అన్న వరుసలో వెళ్లినవాళ్లు అందరికంటే పైన నిలిచారు. ఈ వరుస నైపుణ్యంలోనే కాదు, తమ మీద నమ్మకంలోనూ, ఆట మీద ఇష్టంలోనూ కనిపించింది. తాము చేసినదాన్ని రాసుకోవడం కూడా మేలు చేసింది. పాయింట్లు తెచ్చుకోమని మొదటే చెప్పినవాళ్లకు ఆట మీద ఇష్టం తక్కువగా ఉండడం గమనించాల్సిన విషయం. మార్చిలో వేళచ్చేరి ఆవిడకు జరిగింది ఇదే.

ఫలిత లక్ష్యం ఎదురుగా ఉన్నప్పుడు చేతిలో ఉండాల్సిన రెండో దాన్ని పరిశోధకులు ప్రక్రియ లక్ష్యం అంటారు. పాట విషయంలో దానికి మనకు ముందే మంచి పేరుంది: సాధన. కానీ "రోజూ సాధన చేస్తాను" అన్నది కూడా లక్ష్యం కాదు, ఒక సంకల్పం మాత్రమే. ఏ పని, ఎంతసేపు, దేన్ని వింటూ, సరిగ్గా జరిగిందో లేదో అక్కడికక్కడ ఎలా తెలుస్తుంది? ఈ నాలుగూ ఉంటేనే అది సాధన లక్ష్యం అవుతుంది. ఏప్రిల్‌లో టీచర్ మళ్లీ కూర్చోబెట్టి ఆవిడకిచ్చిన పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం.

పొద్దున ఫిల్టర్లో కాఫీ పొడి వేసి వేడినీళ్లు పోశాక డికాషన్ దిగడానికి దాదాపు పావుగంట పడుతుంది. ఆ పావుగంటే సాధన. నీళ్లు పోసి మూత పెట్టగానే ఫోన్లో తంబుర మొదలవ్వాలి. వేళ కంటే పని గుర్తుగా ఉండడం మేలు. ఆరున్నరకి అనుకుంటే ఆరు నలభై అవుతుంది, కాఫీ మాత్రం ఎవరూ మానరు.

మొదటి ఐదు నిమిషాలు షడ్జం, అంటే స, ఒక్కటే. ఐదు శ్రుతికి తంబుర పెట్టుకుని, "ఆ" అంటూ నిండు ఊపిరితో ఆ స్వరాన్ని నిలబెట్టాలి. కలిసిందో లేదో చెప్పే గుర్తు నాదంలోనే ఉంది. గొంతు తంబుర స్వరానికి కాస్త దూరంగా ఉంటే రెంటి మధ్య ఒక ఊగిసలాట వినిపిస్తుంది, నీళ్ల మీద అలల్లాగా. గొంతు దగ్గరికి జరిగేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. సరిగ్గా కలిసినప్పుడు ఊపు ఆగిపోయి, తన గొంతు విడిగా వినిపించడం తగ్గి, తంబురే నిండుగా మోగినట్టు ఉంటుంది. ఇది వినడం కొద్ది రోజుల్లో చాలామందికి వస్తుంది. పక్కన ఎవరూ లేకపోయినా తనను తాను సరిదిద్దుకునే మొదటి సాధనం ఇదే.

తర్వాతి ఎనిమిది నిమిషాలు మొదటి సరళీ వరుస ఒక్కటే, మెట్రోనోమ్ నిమిషానికి 60కి పెట్టుకుని, చేత్తో ఆదితాళం వేస్తూ. లఘువులో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఆ తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒకసారి చెయ్యి తిప్పి వెయ్యడం. మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, కలిపి ఒక ఆవర్తనం. సరళిలో ఎక్కడం ఎనిమిది స్వరాలు, దిగడం ఎనిమిది, కలిపి పదహారు. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, అక్షరానికి ఒక స్వరం కాబట్టి రెండు ఆవర్తనాలు, 16 సెకన్లు పడుతుంది. రెండో కాలంలో అక్షరానికి రెండు స్వరాలు. ఒక్క ఆవర్తనంలో మొత్తం వరుస అయిపోవాలి, 8 సెకన్లు. మూడో కాలంలో అక్షరానికి నాలుగు. లఘువు పూర్తయ్యేసరికి వరుస ముగిసి, ద్రుతం మొదటి దెబ్బ మీద మళ్లీ షడ్జం పడాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందో చెయ్యే చెబుతుంది. రెండో కాలానికి మారేటప్పుడు కొత్తవాళ్లు సరిగ్గా రెట్టింపు చేయరు. ఒకటిన్నర రెట్లో, కాస్త ఎక్కువో చేసి, ఆ తేడాను కప్పిపుచ్చడానికి తెలియకుండానే తాళాన్ని సాగదీస్తారు. మెట్రోనోమ్ లేకపోతే ఇది ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే చెయ్యి గొంతుకు లొంగిపోతుంది. మెట్రోనోమ్ ఉంటే ఆఖరి షడ్జం అన్నాక చెయ్యి ఇంకా రెండో ద్రుతంలోనే ఉంటుంది, లేదా అప్పటికే కొత్త లఘువులోకి దాటిపోయి ఉంటుంది. అలా జరిగితే ఆ రోజు మూడో కాలం జోలికి పోనవసరం లేదు. రెండో కాలం మీదే ఉండాలి.

ఇంకో తప్పు మొదటి కాలాన్ని తొందరగా మొదలుపెట్టడం. ఒక్కో స్వరాన్ని ఒక సెకను పట్టుకోవడం విసుగ్గా అనిపించి మెట్రోనోమ్ 90కి పెడతారు. మొదటి కాలం హుషారుగా ఉంటుంది. మూడో కాలానికి వచ్చేసరికి సెకనుకు ఆరు స్వరాలు అనాలి. అంత వేగంలో ప ద, ని స ఒకదాన్నొకటి మింగేస్తాయి. మాయామాళవగౌళలో రిషభం షడ్జాన్ని ఆనుకుని ఉంటుంది, గాంధారం మధ్యమానికి పక్కనే ఉంటుంది. రి నుంచి గకి మాత్రం పెద్ద దూకుడు. పైభాగంలో ప ద ని స కూడా సరిగ్గా అదే అమరిక. దగ్గరి మెట్టు, దూరపు మెట్టు వెంటవెంటనే వస్తాయి కాబట్టే ఈ రాగం తొలి పాఠానికి కుదిరింది, వాటి మధ్య తేడా గొంతుకు తెలియాలి. వేగంలో ఆ తేడాయే ముందు చెరిగిపోతుంది. రిషభం కాస్త పైకి జారి, అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు వినిపిస్తాయి. అది విన్నప్పుడు చేయాల్సింది వేగం తగ్గించడమే.

మిగిలిన రెండు నిమిషాలు రికార్డింగ్‌కి. ఆ రోజు పాడినదాన్ని ఒక్కసారి, ఒకే కాలంలో ఫోన్లో రికార్డు చేసి, విని, నోట్సులో ఒక్క వాక్యం రాయాలి. ఒక్కటే వినాలి, అదీ ముందే అనుకున్నదాన్నే. ఈ వారం రిషభం అనుకుంటే రిషభమే. గొంతు బాగుందా, గమకం ఉందా అన్నవి ఈ వారం పట్టించుకోవాల్సిన విషయాలు కావు. "రి రెండో కాలంలో పైకి పోయింది, మొదటి కాలంలో నిలిచింది" అని రాసిన వాక్యంలో మర్నాటి పని ఉంటుంది. "బాలేదు" అని రాస్తే ఏమీ ఉండదు. మార్చి నెలకూ ఏప్రిల్ నెలకూ మధ్య తేడా అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉందని చెప్పవచ్చు.

సాధన లక్ష్యం కూడా దారి తప్పుతుంది. అందరికీ తెలిసినది హాజరు పట్టీగా మారడం. పావుగంట కూర్చున్నాం, క్యాలెండర్లో టిక్కు పెట్టాం, మనసు మాత్రం ఆఫీసు మీటింగులో ఉంది. అలా నూటయాభై రోజులు పాడితే తప్పు రిషభం నూటయాభై రోజుల బలంతో గట్టిపడుతుంది, తర్వాత దాన్ని మార్చడం మొదటి నుంచి నేర్పడం కంటే కష్టం. పాట టీచర్లు "తప్పుగా సాధన చేయడం కంటే చేయకుండా రావడమే నయం" అని విద్యార్థులను మందలించడం వెనక ఉన్న భయం ఇదే. దీన్ని పసిగట్టడం తేలిక: నోట్సులోని వాక్యాలు వారం పాటు ఒకేలా ఉంటే చెవి పని చేయడం లేదని అర్థం. అప్పుడు పావుగంటను అరగంట చేయకూడదు. వినాల్సిన అంశాన్ని చిన్నది చేయాలి. మొత్తం వరుస బదులు స రి గ, గ రి స మాత్రమే.

రెండోది, ఫలితం దొడ్డిదారిన లోపలికి రావడం. "ఈ నెలాఖరుకి మూడో కాలం 80లో" అన్నది సాధనలా కనిపించినా అది మళ్లీ ఫలితమే. వేగం గొంతు ఇచ్చే జవాబు, మనం పెట్టుకునే గడువు కాదు. ఈ వారం ఏ వేగంలో పాడాలో నిన్నటి రికార్డింగ్ చెప్పాలి.

మానేసిన రోజుల సంగతి కూడా చూడాలి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. పిల్లాడికి జ్వరం, రాత్రి రిలీజు పని, వర్షాకాలంలో గొంతు బొంగురుపోవడం, ఇవన్నీ వస్తాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో 96 మంది ఒక చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేసేలా ఎంచుకున్నారు. అది ఆలోచించకుండా జరిగే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఫలిత లక్ష్యంతో ఉన్నవాళ్లకు తప్పిన రోజు అంటే ఆరాధన ఒక రోజు దగ్గరైంది, పాట ఒక రోజు దూరమైంది అని లెక్క. రెండు రోజులు తప్పితే ఆ లెక్క భరించలేనిదవుతుంది. సాధన లక్ష్యంతో ఉన్నవాళ్లకు బాకీ లేదు. మర్నాడు డికాషన్ నీళ్లు పోసినప్పుడు మళ్లీ అదే షడ్జం.

ఇలా అని పంచరత్నాల కోరికను పక్కన పెట్టేయాలని కాదు. డార్ట్ పరిశోధనలో అందరికంటే ముందున్నవాళ్లు పద్ధతి దగ్గరే ఆగిపోలేదని మర్చిపోకూడదు. ఎప్పుడు మళ్లాలన్నదే ప్రశ్న, దానికీ గుర్తు ఉంది. టీచర్ మధ్యలో ఏదైనా అడిగితే జవాబు చెబుతూ కూడా చెయ్యి తాళం తప్పకుండా ఉంటే, తంబుర ఆపి అర నిమిషం తర్వాత పెట్టినా గొంతు అదే షడ్జం మీద ఉంటే, ఆ పని మనసులోంచి ఒంట్లోకి దిగిందని అర్థం. అప్పుడు ఫలితాన్ని తేవాలి, అదీ దగ్గరి ఫలితాన్ని. మలహరిలో తొలి గీతాన్ని మధ్యలో ఆగకుండా, తాళంతో, ఒక్క రికార్డింగ్‌లో పాడడం అలాంటిదే. మలహరిలోని రిషభం, ధైవతం మాయామాళవగౌళలోవే కాబట్టి ఇన్నాళ్లు సరిదిద్దుకున్నదంతా అక్కడ పనికొస్తుంది. సరళి, జంట, దాటు, అలంకారాలు, గీతం, స్వరజతి, వర్ణం, ఆ తర్వాత కృతి అని పెద్దలు పెట్టిన వరుసను ఈ కోణంలోంచి చూడవచ్చు. ఒక మెట్టు మీద సాధన అయినది తర్వాతి మెట్టు మీద ఫలితంగా వినిపిస్తుంది. అది ఎంత కాలం అన్నది టీచరూ చెప్పలేరు. ఉద్యోగం చేస్తూ వారానికి ఒక్క క్లాసుతో నేర్చుకునేవాళ్లకు తొలి ఏడాదిలో అలంకారాలో గీతాలో దాకా రావడం మంచి నడకే. అది ముందే తెలిస్తే జనవరిలో పెట్టుకున్న తేదీ ఎంత అన్యాయమైనదో కూడా తెలుస్తుంది.

ఆ ఏడాది పుష్య బహుళ పంచమినాడు వేళచ్చేరి ఆవిడ గోష్ఠికి వెళ్తుంది, వెనక వరుసలో కూర్చుంటుంది. పాడదు. మొదటి కృతి జగదానందకారక మొదలైనప్పటి నుంచి ఒళ్లో చేత్తో తాళం వేస్తుంది. నాలుగో కృతి దగ్గర ముందు వరుసలో ఎవరో కాస్త తొందరపడతారు, ఆమె చెయ్యి వాళ్లతో పోదు, మృదంగంతోనే ఉంటుంది. శ్రీరాగం వచ్చేసరికి షడ్జం మీద ఆగిన చోటల్లా పెదవులు కదలకుండా లోపల్లోపల ఆ స్వరాన్ని పట్టుకుని చూసుకుంటుంది. ఇంటికి వచ్చి నోట్సు తీస్తుంది. ఆ పొద్దున రాసిన వాక్యం అందులో ఉంది: "ధ్రువ తాళ అలంకారం, రెండో కాలం. మూడో లఘువులో ఒక వేలు తక్కువ లెక్కపెట్టాను. రేపు మొదటి కాలంలో పద్నాలుగు అక్షరాలు, చెయ్యి మాత్రమే."